బిల్లు పుస్తకం నమూనా: ప్రెస్‌కు ఇచ్చిన కాగితం

బాబాయ్ గారూ, నమస్కారం.

కొత్త బిల్లు ఎలా ఉండాలో నింపి పంపుతున్నాను. శీర్షికలు, గళ్లు అచ్చు వేయండి, మిగతాది మేం చేత్తో రాసుకుంటాం. ఇందులో జీఎస్టీ నంబర్లు ఉత్తుత్తివి. మాది జతచేసిన సర్టిఫికెట్ చూసి ఒక్కో అక్షరం సరిచూసి వేయండి.

శ్రీ లక్ష్మీ స్టీల్ సామాన్లు
మెయిన్ రోడ్డు, తెనాలి – 522201, ఆంధ్రప్రదేశ్ (కోడ్ 37)
జీఎస్టీ నం.: 37AAAAA0000A1Z5

ట్యాక్స్ ఇన్వాయిస్ (కొనుగోలుదారు కాపీ)

నం.: SL/26-27/0301
తేదీ: 14-06-2026
కొన్నవారు: అన్నపూర్ణ మెస్, బోసు రోడ్డు, తెనాలి
వారి జీఎస్టీ నం.: 37BBBBB0000B1Z4
సరఫరా స్థలం: ఆంధ్రప్రదేశ్ (37)

| వస్తువు | హెచ్ఎస్ఎన్ | సంఖ్య | ధర రూ. | మొత్తం రూ. | పన్ను |
|---|---|---|---|---|---|
| స్టీల్ గుండిగ | 7323 | 2 | 1,800.00 | 3,600.00 | 5% |
| స్టీల్ పళ్లెం | 7323 | 40 | 95.00 | 3,800.00 | 5% |
| స్టీల్ గ్లాసు | 7323 | 40 | 31.00 | 1,240.00 | 5% |
| మిక్సీ | 8509 | 1 | 4,525.00 | 4,525.00 | 18% |

| పన్ను రేటు | పన్ను పడే విలువ | సీజీఎస్టీ | ఎస్జీఎస్టీ |
|---|---|---|---|
| 5% | 8,640.00 | 216.00 | 216.00 |
| 18% | 4,525.00 | 407.25 | 407.25 |
| కలిపి | 13,165.00 | 623.25 | 623.25 |

పన్నుతో కలిపి: 14,411.50
సర్దుబాటు: + 0.50
చెల్లించాల్సింది: రూ. 14,412.00
అక్షరాలా: పద్నాలుగు వేల నాలుగు వందల పన్నెండు రూపాయలు మాత్రమే

ఎడమ: కొన్నవారి సంతకం
కుడి: శ్రీ లక్ష్మీ స్టీల్ సామాన్లు తరఫున, ముద్ర, సంతకం

చెల్లించాల్సింది అన్న గడి అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, చుట్టూ లావు గీతతో రావాలి. బిల్లు చేతికివ్వగానే జనం చూసేది ఆ అంకెనే. గిన్నెలకు 5, మిక్సీకి 18 శాతం కాబట్టి రేటువారీ గళ్లు తప్పనిసరి. ఒకే వరుసలో కలిపేస్తే రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ గారికి ప్రతి బిల్లూ మళ్లీ విడదీయాల్సి వస్తుంది.

ముద్ర సంగతి మీరు దగ్గరుండి చూడాలి. మా గుండ్రటి ముద్ర నాలుగు సెంటీమీటర్లు. కుడి మూల అయిదు సెంటీమీటర్ల చదరం పూర్తిగా ఖాళీగా వదలండి, లోపల గీత గానీ లేత రంగు గానీ వద్దు. సంతకం గీత ఆ చదరం కింద ఉండాలి. ముద్ర సిరా మొత్తం మీద పడితే అంకె చదవలేక కొన్నవాళ్లు మళ్లీ షాపుకు రావాలి, అది నాకు అస్సలు ఇష్టం లేదు.

ఏ5 సైజు, కార్బన్‌లెస్ కాగితం, మూడు కాపీలు: తెల్లది కొన్నవారికి, గులాబీది రవాణాకు, పసుపుది మాకు. ఏ కాపీ ఎవరిదో పైన అచ్చులోనే ఉండాలి. పాత పుస్తకం 0300తో అయిపోతుంది, కాబట్టి 0301 నుంచి తెగకుండా వరుస రావాలి. వచ్చే ఏప్రిల్‌లో నంబర్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి కనుక వంద బిల్లుల పుస్తకాలు అయిదు చాలు.

ముందు ఒక ప్రూఫ్ తీసి పంపండి. దాని మీద ముద్ర కొట్టి చూసి సరే అంటాను, ఆ తర్వాతే అచ్చుకు ఎక్కించండి.