నీ ఆంకోర్ వాట్ ఫొటోలు చూశాక

సుమా,

నిన్న రాత్రి పనంతా అయ్యాక నీ కంబోడియా ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశానే. గోపురాల వెనక సూర్యుడు లేస్తున్నది ఎంత బాగా వచ్చిందో! ఆ గుడి పడమటి ముఖం కాబట్టే తెల్లారుజామున అలా దొరుకుతుంది. మన శ్రీకాళహస్తిలో స్వామిది కూడా పడమటి ముఖమే కదా, అది గుర్తొచ్చింది.

ఈసారి అమ్మను కూడా తీసుకెళ్ళావు, నాకు అదే ఎక్కువ సంతోషం. అంత దూరంలో, 12వ శతాబ్దంలో విష్ణువు కోసం కట్టించిన గుడి ముందు ఆమె చేతులు జోడించి నిలబడ్డ ఫొటో మా అమ్మకు చూపించాను. చాలాసేపు ఫోన్ వదల్లేదు. తిరుమలలో నిలబడినట్టే నిలబడింది చూడు అనింది.

ఇప్పుడు నా సందేహం. క్షీరసాగర మథనం చెక్కిన పొడుగాటి గోడ ఫొటోలు నాలుగు పెట్టావు కదా. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన ఎగురుతున్న అప్సరసలు, ఒక పక్క రాక్షసులు, ఇంకో పక్క దేవతలు, ఇంతవరకూ మనకు తెలిసిందే. కానీ దేవతల వైపు కొసన, వాసుకి తోక పట్టుకుని ఉన్నది కోతి ముఖంలా ఉందే. హనుమంతుడా? మనం విన్న కథలో పాలసముద్రం చిలికేటప్పుడు ఆయన లేడు కదా! మీ గైడ్ దాని గురించి ఏమైనా చెప్పాడా? అక్కడివాళ్ళు ఈ కథను ఎలా చెప్పుకుంటారో తెలుసుకోవాలని చాలా ఆశగా ఉంది. ఆ మూల ఇంకా దగ్గరగా తీసింది ఉంటే తప్పకుండా పంపు.

ఎందుకంత పట్టుదల అంటే, శ్రీకాళహస్తిలో మా చిన్నమ్మ కలంకారీ వేస్తుంది, నీకు తెలుసు కదా. కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసిన బట్ట మీద ఇప్పుడు ఇదే మథనం గీస్తోంది. వెదురు కలంతో నల్ల గీతలు అయిపోయాయి, రంగులు ఇంకా వేయాలి. నీ ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది. వాళ్ళు అందరినీ ఒకే వాలులో వెనక్కి వంచి లాగించినట్టు చెక్కడం ఆమెకు తెగ నచ్చింది. అన్నీ పెద్ద స్క్రీన్ మీద చూడాలంట.

అందుకని ఈ ఆదివారం ఇద్దరం వెళ్దామా? పొద్దున ఎనిమిదికి తిరుపతి బస్టాండులో కలుసుకుంటే గంటలో శ్రీకాళహస్తిలో ఉంటాం. ల్యాప్‌టాప్ నేను తెస్తా, నువ్వు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా. మధ్యాహ్నం భోజనం చిన్నమ్మ ఇంట్లోనే. అమ్మ కూడా వస్తానంటే ఇంకా మంచిది, బస్సు వద్దు, మా తమ్ముడి కారు అడుగుతా. నిన్ను చూసి చాలా రోజులైంది, దారి పొడుగునా మాట్లాడుకోవచ్చు.

ప్రయాణం అలసట తీరకపోతే పై ఆదివారం పెట్టుకుందాం. ఏదైనా శుక్రవారం లోపల చెప్పు, చిన్నమ్మకు ఫోన్ చేయాలి.

నీ
పద్మ