కీర్తన స్కూలు సర్క్యులర్ చదివాను అక్కా

అక్కా, నువ్వు పంపిన ఫొటో చూశాను. ముందు టెన్షన్ పడటం ఆపు. ఆ ఎర్ర గీత కింద లావు అక్షరాల్లో ఉన్నది మన గురించి కాదు. పాత బాకీలు ఉన్నవాళ్లు కట్టకపోతే హాల్ టికెట్ ఆపుతామని రాశారు. అది అందరికీ కొట్టే లైను. ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను, కీర్తన పేరు మీద ఒక్క రూపాయి బాకీ కూడా లేదట. జూన్‌లో నువ్వు కట్టినవి వాళ్ల పుస్తకంలో ఎక్కాయి.

నిజంగా తొందరపడాల్సింది వేరే ఉంది. రెండో పేజీలో చిన్న అక్షరాల్లో, నామినల్ రోల్ చెక్ స్లిప్ నవంబర్ 8లోపు సంతకంతో తిరిగి ఇవ్వాలని ఉంది. 8 రెండో శనివారం. ఆఫీసు ఉండదని క్లర్కే చెప్పాడు, కానీ సర్క్యులర్‌లో ఆ ముక్క రాయలేదు. కాబట్టి మనకు ఆఖరు రోజు శుక్రవారం 7వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంట, అంటే కువైట్‌లో నీకు ఉదయం పదిన్నర. నీ సెలవు రోజు కదా అని శుక్రవారం లేచాక చూద్దామనుకోకు, గురువారం రాత్రికే నీ వైపు పని అయిపోవాలి.

ఆ స్లిప్‌లో ఉన్నదే రేపు పదో తరగతి మార్కుల మెమోలో అచ్చవుతుంది. ఇంటర్‌లో చేరాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా పుట్టిన తేదీకీ పేరుకీ దాన్నే అడుగుతారు. ఇప్పుడైతే పెన్నుతో కొట్టేసి పక్కన రాస్తే సరిపోతుంది. మెమో వచ్చాక మార్పించాలంటే స్కూలు, డీఈఓ ఆఫీసు, బోర్డు చుట్టూ తిరగాలి. అందుకే నీ ఫొటోని పెద్దది చేసి అక్షరం అక్షరం చూశాను. మూడు దొరికాయి.

ఒకటి, పిల్ల పేరు. ఆధార్‌లో టి పక్కన హెచ్ ఉంది, స్లిప్‌లో హెచ్ లేదు. పలకడానికి రెండూ కీర్తనే, కానీ కంప్యూటర్‌కి ఇద్దరు వేరే పిల్లలు. ఆధార్‌లో ఉన్నట్టే రాయిద్దాం.

రెండోది, నీ పేరు. స్లిప్‌లో నీ పుట్టింటి ఇంటిపేరు పడింది. నీ పాస్‌పోర్టులో బావ ఇంటిపేరు ఉందని నాకు గుర్తు, కానీ గుర్తు మీద రాయకూడదు. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తీసి పంపు. బావ పేరు సరిగ్గానే ఉంది.

మూడోది పుట్టుమచ్చలు. రెండు రాయాలి. మొదటిది కుడి చేతి మీద అని ఉంది, రెండోది ఖాళీ. అమ్మని అడిగితే "మెడ మీదో, వీపు మీదో" అంటోంది. కీర్తనని అడిగితే "ఛీ పిన్నీ" అని ఫోన్ పెట్టేసింది. నువ్వే చెప్పాలి. పరీక్ష హాల్లో చూపించగలిగే చోట ఉన్నది చెప్పు.

పుట్టిన తేదీ, కులం, సెకండ్ లాంగ్వేజ్ సరిపోయాయి.

ఇక డబ్బు. ఫీజుల గడి మీద అమ్మ బొటనవేలు పడింది, మొత్తం కనపడలేదు. పైన లైన్లు కూడితే వస్తుందిగానీ, డబ్బు విషయంలో ఊహలెందుకని కీర్తన చేత మళ్లీ ఫొటో తీయించాను. మూడో టర్మ్ ఫీజు 14,500, స్పెషల్ క్లాసులకు 2,000, పరీక్ష ఫీజు 850. మొత్తం 17,350 రూపాయలు. నవంబర్ 15 దాకా ఫైన్ లేదు, 16 నుంచి రోజుకు 50.

ఆ 850 చూసి నాకూ ఒళ్లు మండింది. రెగ్యులర్ విద్యార్థులకు అన్ని సబ్జెక్టులకూ కలిపి బోర్డు తీసుకునేది 125 రూపాయలే. మిగతాది "ఇతర ఖర్చులు" అని రాశారు. పరీక్షల ముందు పిల్లను మధ్యలో పెట్టి గొడవ వద్దు, రసీదులో 125 విడిగా, మిగతాది విడిగా రాసిమ్మని మాత్రం అడుగుతాను.

నువ్వు ఎక్స్‌ఛేంజ్‌కి పరిగెత్తక్కర్లేదు. 12న నేను క్యూఆర్ కోడ్ మీద కట్టేస్తాను, నీ జీతం పడ్డాక నాకు పంపు. ఫోన్ పేమెంట్ స్క్రీన్‌షాట్ చెల్లదని సర్క్యులర్‌లో ఉంది, యూటీఆర్ నంబరు కాగితం మీద రాసి కౌంటర్‌లో ఇస్తేనే రసీదు. ఆ పని కీర్తన చేస్తుంది.

స్పెషల్ క్లాసులు 17వ తేదీ సోమవారం నుంచి, రోజూ సాయంత్రం ఏడు దాకా. దానికో పచ్చ కాగితం ఉంది, 15లోపు ఇవ్వాలి. అందులో "ఓన్ అరేంజ్‌మెంట్" అన్న మాట దగ్గర ఆగు. దాని అర్థం ఏడింటికి స్కూలు బస్సు ఉండదని. ఏడుంబావు తర్వాత పిల్లల బాధ్యత మాది కాదని కూడా కిందే ఉంది. బాబాయ్‌తో మాట్లాడాను. వాళ్లబ్బాయి కోసం ఎలాగూ బండి మీద వెళ్తాడు, ఇద్దరినీ తీసుకొస్తానన్నాడు. తీసుకెళ్లేవారి పేరు, ఫోన్ నంబరు అన్న గడుల్లో ఆయనవే రాస్తాను. నీకు ఇష్టమేనా చెప్పు, నువ్వు సరేనన్నాకే కాగితం ఇస్తాం.

22 శనివారం పేరెంట్స్ మీటింగ్. అమ్మతో పాటు నేనూ వస్తాను, ఆ రోజుకి సెలవు పెట్టాను.

సంతకాల సంగతి. తల్లిదండ్రులు ఊళ్లో లేకపోతే గార్డియన్ సంతకం చేయొచ్చు, కానీ మీ ఇద్దరిలో ఒకరు రాసిన ఉత్తరం, పాస్‌పోర్టు కాపీ జత చేయాలట. ఫొటో తీసి పంపితే ప్రింట్ తీసుకుంటామన్నాడు క్లర్క్. తెల్ల కాగితం మీద, నీ చేత్తో, ఇలా రాయి:

"హెడ్ మిస్ట్రెస్ గారికి, నమస్కారం. మీ స్కూల్లో పదో తరగతి బి సెక్షన్ చదువుతున్న కీర్తన తల్లిని. నేను, నా భర్త ఉద్యోగరీత్యా కువైట్‌లో ఉన్నాం. ఈ విద్యా సంవత్సరంలో మా అమ్మాయికి సంబంధించిన ఫారాల మీద సంతకం చేయడానికి, మీటింగులకు హాజరు కావడానికి మా అమ్మగారికి అనుమతి ఇస్తున్నాను. నా పాస్‌పోర్టు కాపీ జతచేశాను. దయచేసి అంగీకరించగలరు."

కింద తేదీ వేసి, పాస్‌పోర్టులో ఉన్న సంతకమే పెట్టు. మొన్న బ్యాంకు కాగితం మీద పెట్టినట్టు పొట్టి సంతకం వద్దు. ఫొటో ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో తియ్యి, కాగితం నాలుగు మూలలూ కనపడాలి.

అమ్మకి ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టమని కీర్తనకి చెప్పాను. స్లిప్ ఇచ్చేముందు జిరాక్స్ తీయించి, ఆ కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకుంటుంది.

ఉత్తరం, పాస్‌పోర్టు పేజీ గురువారం రాత్రిలోపు పంపినా సరే, పుట్టుమచ్చ ఎక్కడో మాత్రం ఈ మెసేజ్ చూడగానే చెప్పు. వాయిస్ పెట్టకు, టైప్ చెయ్యి. పోయినసారి నువ్వు ఎడమ అంటే నాకు కుడి అని వినపడింది.