అండర్-14 జట్టు ఎంపికపై మీ లేఖకు జవాబు

మారతహళ్ళి, బెంగళూరు
18 నవంబర్ 2025

నమస్కారమండీ.

మీ బాబును జట్టులోకి ఎందుకు తీసుకోలేదని అడుగుతూ ఆదివారం రాత్రి మీరు పంపిన లేఖ రెండుసార్లు చదివాను. ముందు మా తప్పు ఒప్పుకుంటాను. పిల్లల్ని పిలిచి చెప్పకముందే జాబితా వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోయింది. తన పేరు లేదన్న సంగతి బాబు తోటి పిల్లల నోట వినాల్సి వచ్చింది. అలా జరగకూడదు, క్షమించండి.

ఎంపిక మాత్రం మారదండీ.

మొదటి ట్రయల్ మ్యాచ్‌లో వాడు కొట్టిన 62 నేనూ చూశాను. మంచి ఇన్నింగ్స్. కానీ మిగతా రెండింట్లో 4, 11. అయినా వాడు పోటీపడింది కీపర్ స్థానానికి, పదిహేనుమందిలో ఇద్దరు కీపర్లకే చోటు. స్పిన్నర్ వేసేటప్పుడు వాడు బంతి నేలను తాకకముందే లేచి నిలబడుతున్నాడు. మన మ్యాటింగ్ మీద బంతి ఎగురుతుందన్న అలవాటు వల్ల కావచ్చు. కాస్త కిందగా వచ్చిందంటే గ్లవ్స్ కింద నుంచి జారిపోతోంది. మూడు మ్యాచ్‌లలో వాడు కీపింగ్ చేసినంతసేపట్లో బైలు 23. ఎంపికైన ఇద్దరివీ కలిపితే 14. స్కోర్‌బుక్ ఆఫీసులోనే ఉంది, శనివారం నాలుగింటికి వస్తే కోచ్ గారితో కూర్చుని చూద్దాం. వేరే పిల్లల గురించి సెలెక్టర్లు రాసుకున్న కాగితాలు మాత్రం ఎవరికీ చూపించం, మీ బాబువీ అంతే.

సెలెక్టర్ మేనల్లుడి విషయం అడిగారు. అడగడంలో తప్పులేదు. ఆ అబ్బాయి పేరు చర్చకు రాగానే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. మిగతా ఇద్దరే నిర్ణయించారు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

నెట్స్ కోసం కిందటేడు మీరిచ్చిన డబ్బు గురించి కూడా లేఖలో ఉంది. దానికి క్లబ్ అంతా రుణపడి ఉంది. కానీ జట్టు ఎంపిక దగ్గర ఆ ప్రస్తావన తేవద్దని గట్టిగా కోరుతున్నాను. తెస్తే రేపు వాడు సొంతంగా ఆడి జట్టులోకి వచ్చినా నలుగురూ ఇంకోలా అనుకుంటారు. అది వాడికే నష్టం. అలాగే గ్రూపులో వేరే పిల్లల ఆట మీద పెట్టిన రెండు మెసేజ్‌లు ఈ రాత్రికి తీసేయండి. ఆ పిల్లల తల్లులు కూడా చదువుతున్నారు.

వాడు స్టాండ్‌బైగా ఉన్నాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట పిలిచేది వాడినే. రెండో లీగ్ మ్యాచ్ తర్వాత జట్టును మళ్ళీ చూస్తారు. చోటు దొరుకుతుందని మాట ఇవ్వలేను.

రేపు ప్రాక్టీస్ ఎప్పటిలాగే సాయంత్రం నాలుగున్నరకి. కోచ్ గారు చివరి అరగంట వాడికి స్పిన్ కీపింగ్ చేయిస్తామన్నారు. కుడిచేతి గ్లవ్‌కి బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది, కుట్టించి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి