పిల్లల డాక్టర్ కోసం అడుగుతున్నా, మన విద్యానగర్ పక్క వాళ్ళు కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి

అందరికీ నమస్తే అండి. మేం శివాలయం వెనక అపార్ట్‌మెంట్‌లో 302లో ఉంటాం, ఈయనకి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే జూన్‌లో అనంతపురం నుంచి వచ్చాం. సాయంత్రాలు నీలం రంగు సైకిలేసుకుని వాచ్‌మన్ బాబాయిని సతాయించే పిల్ల మాదే, మమ్మల్ని చూడకపోయినా దాని అరుపులు వినే ఉంటారు. మెసేజ్ పెద్దదే, ముందే చెప్తున్నా, విసుక్కోమాకండి. చిన్నగా పెడితే ఏమవుద్దో ఒకసారి చూశాం.

ఆగస్టులో ఇదే గ్రూపులో "మంచి పిల్లల డాక్టర్ ఎవరైనా ఉన్నారా అండి" అని ఒక్క లైను పెట్టా, గుర్తుందా? అరగంటలో పద్నాలుగు పేర్లు వచ్చినయ్. ఒకరు బ్రాడీపేట అన్నారు, ఒకరు కొత్తపేట అన్నారు, ఒక అంకుల్ అయితే ఇవన్నీ కాదమ్మా నేరుగా బెజవాడ సూర్యారావుపేట వెళ్ళిపోండి అన్నారు. పేర్లే వచ్చినయ్ గానీ ఎవరు ఎందుకు మంచోళ్ళో ఎవరూ రాయలేదు, తప్పు మీది కాదు, నేను అడిగిందే అట్లా ఉంది. సరే ఇంటికి దగ్గరగా ఉందని అందులో ఒకచోటికి తీసుకెళ్ళాం. ఆ కథ కింద చెప్తా, ముందు పిల్ల సంగతి.

దానికి నాలుగేళ్ళ రెండు నెలలు, పధ్నాలుగు కిలోలు. రెండేళ్ళప్పటి నుంచి రొంప పట్టిందంటే చాలు మూడోరోజుకి ఛాతీలోకి దిగుతుంది, పిల్లికూతలు, డొక్కలెగరేయడం, రాత్రంతా దగ్గు. మూడేళ్ళప్పుడు ఒకసారి అనంతపురంలో ఒక రాత్రి అడ్మిట్ చేసి ఆక్సిజన్ కూడా పెట్టారు. ఆ తర్వాత అక్కడి డాక్టర్ గారు పొద్దున సాయంత్రం రోజూ వాడే ఇన్‌హేలర్ ఒకటి మొదలుపెట్టారు, మాస్కు ఉన్న స్పేసర్‌తో, వాడాక నోరు పుక్కిలించాలి, అది మాత్రం పిల్ల తనే గుర్తు చేస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు వాడేది ఇంకొకటి, నీలంది. ఇంట్లో నెబులైజర్ ఉంది గానీ ఈమధ్య దాన్ని బయటికి తీయలేదు. గుంటూరు వచ్చాక రెండుసార్లు వచ్చింది, ఆగస్టులో ఒకటి, మొన్న దసరా సెలవుల్లో ఒకటి.

ఇంకోటి, ఇది ముఖ్యం. ఏడాదిన్నర వయసులో జ్వరం ఎక్కి ఒకసారి ఫిట్స్ వచ్చింది, రెండు నిమిషాలు ఉండుద్దేమో, నాకైతే రెండు గంటల్లా అనిపించింది. జ్వరంతో వచ్చే ఫిట్స్ ఐదేళ్ళు దాటాక చాలామంది పిల్లల్లో రావమ్మా, నోట్లో ఏమీ పెట్టకు, పక్కకి తిప్పి పడుకోబెట్టు, ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకురా అని డాక్టర్ గారు చెప్పారు. మళ్ళీ రాలేదు. కానీ జ్వరం 101 దాటిందంటే నేను నిద్రపోను, మా అత్తగారూ నిద్రపోరు, ఆవిడ తాళాలగుత్తి పట్టుకుని మంచం పక్కనే కూర్చుంటారు, చేతిలో పెడదామని. వద్దత్తయ్యా అన్నా వినరు.

మూడోది అమాక్సిసిలిన్ పడదు. రెండేళ్ళప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినయ్, ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంది.

ఇప్పుడు ఆ ఆగస్టు కథ. ఎక్కడో చెప్పను, మీలో చాలామంది అక్కడికే వెళ్తుండొచ్చు, మీ పిల్లలకి బాగానే నయమవుతుండొచ్చు. ఏడున్నరకి టోకెన్ ఇచ్చి పదిన్నరకి పిలిచారు, సరే సీజన్ కదా అనుకున్నాం. లోపల రెండు నిమిషాలు కూడా ఉండలేదు. ఫైలు తెరవలేదు, స్టెతస్కోప్ చొక్కా మీదనుంచే పెట్టి తీసేశారు, ఇన్‌హేలర్ అంటే "ఇంత చిన్నపిల్లకి అవసరమా, అలవాటైపోతుంది, ఆపేయండి" అన్నారు, ఆరు రకాలు రాసి బయటికి పంపారు. ఇంటికొచ్చి సీసా మీద చిన్నక్షరాలు చదివితే అందులో ఒకటి అదే అమాక్సిసిలిన్, వేరే కంపెనీ పేరుతో. ఎర్ర పెన్నుతో రాసుకున్నది నా ఫైల్లో ఉంది, ఆ ఫైలు నా ఒళ్ళోనే ఉంది. వెయ్యలేదు కాబట్టి సరిపోయింది. మర్నాడు అనంతపురం డాక్టర్ గారికే ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు ఇన్‌హేలర్ కొనసాగిస్తే నాలుగోరోజుకి తేరుకుంది. కానీ ఎన్నాళ్ళని ఫోన్ మీద చూపిస్తాం, ఆయన కూడా "దగ్గర్లో ఛాతీ మీద చెయ్యేసి చూసేవాళ్ళని ఒకరిని వెతుక్కోమ్మా" అంటున్నారు.

అందుకని మీరు పేరు చెప్పేటప్పుడు దాంతోపాటు ఒక రెండు ముక్కలు చెప్పండి అండి. మీ పిల్లల్ని ఎందుకు తీసుకెళ్ళారు, ఎన్నేళ్ళుగా చూపిస్తున్నారు. టీకాలకి వెళ్ళిరావడం వేరు, ఆయాసం పిల్లని ఏడాది పొడుగునా చూడడం వేరు కదా. మీ పిల్లలకి కూడా పిల్లికూతలు, ఉబ్బసం లాంటివి ఉండి ఇప్పుడు తగ్గాయంటే, మిగతా వంద మాటల కంటే ఆ ఒక్క మాట నాకెక్కువ. ఇన్‌హేలర్ ఎట్లా పీల్చాలో దగ్గర కూర్చోబెట్టి చూపించారా, లేక వెళ్ళిన ప్రతిసారీ యాంటీబయాటిక్ రాస్తారా, అది కూడా రాయండి. మీ పిల్లకి ఏదన్నా అర్ధరాత్రి అయినప్పుడు ఏం చేశారో చెప్పగలిగితే ఇంకా మంచిది, ఆ డాక్టర్ ఫోన్ ఎత్తారా, ఎత్తకపోతే ఆ హాస్పిటల్లో రాత్రిపూట పిల్లల్ని చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక నర్సు ఒక్కతే ఉండి పొద్దున రమ్మందా.

మంచివే చెప్పాలని లేదు. అనంతపురంలో మా పక్కింటి అక్క మా డాక్టర్ గురించి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తే, "కోపిష్టి మనిషి, తల్లుల్ని తిడతాడు, క్లినిక్‌లో ఫ్యాను కూడా సరిగా తిరగదు, కానీ పిల్ల బట్టలు విప్పించి తల నుంచి పాదం దాకా చూస్తాడు, అనవసరంగా సూది వెయ్యడు" అంది. ఆ మాట నమ్మి వెళ్ళాం, రెండున్నరేళ్ళు వదల్లేదు. నన్నూ తిట్టారు, రెండుసార్లు. అట్లాంటి మాట ఒకటి కావాలి నాకు.

దూరం సంగతి. నాకు బండి రాదు, పగలు ఆటోలో నేనూ అత్తయ్యే వెళ్ళాలి. కాబట్టి విద్యానగర్, లక్ష్మీపురం, కొరిటెపాడు, బ్రాడీపేట, అరండల్‌పేట ఈ పక్క అయితే బావుంటుంది. కొత్తపేటలో పెద్దపెద్ద డాక్టర్లు ఉన్నారని తెలుసు, కానీ శంకర్ విలాస్ బ్రిడ్జి పని మొదలయ్యాక పట్టాలు దాటి అటు వెళ్ళాలంటే ఎంత సేపు పడుతుందో మీకు నేను చెప్పాలా. ఆయాసపడే పిల్లని ఒళ్ళో పెట్టుకుని ట్రాఫిక్‌లో కూర్చోలేను. ఒకవేళ అంత మంచి డాక్టరే అయితే మామూలు చూపింపులకి అక్కడికి కూడా వెళ్తాం, కానీ అర్ధరాత్రికి మాత్రం ఇవతలే ఇంకోచోటు చెప్పండి. బెజవాడ వద్దు. సాయంత్రం ఆరు తర్వాతైతే ఈయన కూడా ఉంటారు, రెండో శనివారం నాలుగో శనివారం బ్యాంకు సెలవు కాబట్టి ఆ రోజుల్లో పగలైనా ఫర్వాలేదు.

ఫీజు ఐదొందలు ఆరొందలైనా ఇబ్బంది లేదు, వినేవాళ్ళు కావాలి అంతే. జీజీహెచ్‌లో పిల్లల వార్డు గురించి తెలిసినవాళ్ళు ఉన్నా చెప్పండి, పెద్దాసుపత్రి అని మాకేం నామోషీ లేదు, కాకపోతే ఓపీకి ఎన్నింటికి వెళ్ళాలో, లోపల ఎటు వెళ్ళాలో తెలీదు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తే చాలు. లేడీ డాక్టరైతే పిల్ల కొంచెం తొందరగా చొక్కా విప్పనిస్తుంది, అంతకుమించి పట్టింపు లేదు. డాక్టర్ మీ చుట్టాలైతే ఆ ముక్క కూడా చెప్పి మరీ చెప్పండి, తప్పేం లేదు, నాకు తెలిస్తే చాలు. ఇంకా డీపీటీ బూస్టర్ వేయించాలి, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య వేసేది, అది కూడా వాళ్ళ దగ్గరే వేయించుకుంటాం.

ఇప్పుడే ఎందుకు తొందర అంటే, చలి మొదలైంది, మూడు రాత్రుల నుంచి దగ్గుతోంది. ఆయాసం ఏం లేదు, జ్వరం లేదు, వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 97 ఉంది, తింటోంది, ఆడుతోంది. కంగారుపడి ఫోన్లు చేయమాకండి. కానీ దీనికి ఎక్కువయ్యాక రాత్రి పదకొండింటికి గ్రూపులో "ఎవరైనా ఉన్నారా" అని పెట్టడం నాకిష్టం లేదు, కుదురుగా ఉన్నప్పుడే ఒకసారి చూపించి ఫైలు అక్కడ తెరిపించి పెట్టుకుంటే ఆ రాత్రికి మనం కొత్తవాళ్ళం కాం కదా. దానికి తోడు ఈయన బ్రాంచి మిర్చి యార్డుకి దగ్గర. సీజన్ మొదలైతే చొక్కాకి కూడా ఘాటు పట్టి ఇంటికొస్తుందని ఆఫీసులో వాళ్ళు చెప్తున్నారు. గుంటూరు పిల్లలకి ఆ ఘాటు అలవాటేమో గానీ మా పిల్లకి ఇదే మొదటి సీజన్. ఈ సంగతి ముందు అనుభవమైన వాళ్ళు ఫిబ్రవరి, మార్చిల్లో ఏం జాగ్రత్త పడ్డారో చెప్పండి, మేమైతే ఈయన్ని గుమ్మం దగ్గరే చొక్కా విప్పించి బాత్రూంలోకి పంపుదామని అనుకుంటున్నాం, ఆయన ఒప్పుకోవాలి.

మందుల పేర్లు మాత్రం చెప్పొద్దండి దయచేసి. మా పిల్లకి ఈ సిరప్‌తో తగ్గింది మీరూ వెయ్యండి అని ప్రేమగా చెప్తారు, అర్థమవుతుంది, కానీ పైన చెప్పాను కదా, మాది ఒకటి పడని పిల్ల. తులసాకు, వాము, కర్పూరం ఇవన్నీ మా అత్తగారి డిపార్ట్‌మెంట్, ఆవిడతో మాట్లాడండి, సాయంత్రం మెట్ల దగ్గరే ఉంటారు. అన్నట్టు కర్పూరం మాత్రం పిల్ల దగ్గర వద్దని డాక్టర్ గారు చెప్పారు, ఫిట్స్ వచ్చిన పిల్ల కదా, ఆవిడ వాదిస్తే మీరు కూడా నా పక్కన ఉండండి.

గ్రూపులో ఓపెన్‌గా చెప్పడం ఇబ్బంది అనిపించినవి, ముఖ్యంగా ఎక్కడికి వెళ్ళొద్దో, నాకు విడిగా పెట్టండి, ఎవరు చెప్పారన్నది నా దగ్గరే ఉంటుంది. మీ పిల్లల రిపోర్టులు, చీటీల ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు, నేను కూడా అందుకే పెట్టలేదు. ఆదివారం దాకా చూసి, ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఒకే పేరు చెప్తే సోమవారం సాయంత్రం టోకెన్ తీసుకుంటాం. వెళ్ళొచ్చాక ఎట్లా చూశారో ఇక్కడే రాస్తా, నచ్చకపోయినా రాస్తా.

మా పెద్దోడికి ఎనిమిదో తరగతి లెక్కలకి ట్యూషన్ కూడా కావాలి, అది వేరే మెసేజ్‌లో పెడతా, ఇందులో కలపమాకండి ప్లీజ్. రాత్రి తొమ్మిదిన్నరకి పిల్ల పడుకుంటుంది, ఆ తర్వాత ఎప్పుడు మెసేజ్ పెట్టినా చూస్తాను.