ఆడియో కథ ఎపిసోడ్‌కు మార్కులు వేసే పద్ధతి: ఎంఏ జర్నలిజం, నాలుగో సెమిస్టర్

"చేతి పని" అనే అంశం మీద విద్యార్థులు తయారుచేసిన 10 నుంచి 14 నిమిషాల ఎపిసోడ్‌కు ఇది వర్తిస్తుంది. మొత్తం 100 మార్కులు. నిర్మాణానికి 30, గొంతుకు 30, ధ్వని నాణ్యతకు 20, శ్రోతకు నప్పడానికి 20. పాస్ కావాలంటే 40 రావాలి. ఇద్దరు అధ్యాపకులు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేయాలి. తేడా 10 మార్కులు దాటితే ఇద్దరూ కలిసి కూర్చుని మళ్లీ వినాలి.

ముందు వినడం

మొదటిసారి ఫోన్ స్పీకర్‌లో, పెన్ను పట్టుకోకుండా, మధ్యలో ఆపకుండా వినండి. మన శ్రోతల్లో చాలామంది వంటింట్లోనో బస్సులోనో అలాగే వింటారు. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాగితం దగ్గర పెట్టుకుని వినండి. ధ్యాస ఎక్కడ పక్కకు పోయిందో ఆ నిమిషం, సెకను రాసుకోండి. ఆ కాగితం విద్యార్థికి ఇవ్వాలి. మార్కులకంటే అదే వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. మార్కులు వేయడం పూర్తయ్యేదాకా స్క్రిప్ట్ చదవొద్దు. కాగితం మీద చదివితే బాగుండి, చెవికి అందని వాక్యాలు చాలా ఉంటాయి.

నిర్మాణం (30)

24–30: మొదటి అర నిమిషంలోనే ఒక మనిషో, శబ్దమో, ప్రశ్నో మనల్ని పట్టుకుంటుంది. ప్రతి భాగం తర్వాతి భాగం మీద ఆసక్తి పెంచుతుంది. మొదట్లో లేచిన ప్రశ్నకు చివరికి జవాబు దొరుకుతుంది, లేదా ఎందుకు దొరకలేదో అర్థమవుతుంది.

16–23: కథ ఉంది, వరస కూడా ఉంది. కానీ ఒకటి రెండు చోట్ల చెప్పిందే మళ్లీ చెప్పారు, లేదా మంచి ఘట్టం చాలా ఆలస్యంగా వచ్చింది.

8–15: సమాచారం ఉంది, కథ లేదు. ఏ భాగాన్ని ఎటు జరిపినా తేడా తెలియదు.

7 లేదా తక్కువ: ఎపిసోడ్ దేని గురించో విన్నాక ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నాం.

పోయిన ఏడాది గుంట మగ్గం మీద వచ్చిన ఎపిసోడ్‌ను గుర్తుచేసుకోండి. నమస్కారాలు, పరిచయం, చేనేత గొప్పతనం కలిపి 1 నిమిషం 40 సెకన్లు. ఆరో నిమిషంలో ఒక పెద్దాయన, తనకు చూపు మందగించినా పోగు తెగితే మగ్గం చప్పుడును బట్టి తెలిసిపోతుందని చెప్పాడు. వెనకాల నాడె అటూ ఇటూ పరుగెడుతున్న చప్పుడు. ఎపిసోడ్ మొదలు కావాల్సింది అక్కడ. అలాంటి ముడిసరుకు సంపాదించినందుకు మార్కులు ఇవ్వాలి, దాన్ని పాతిపెట్టినందుకు తగ్గించాలి. దానికి 17 వేశాం, సరైన మార్కేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

గొంతు (30)

యాసకు ఒక్క మార్కు కూడా తగ్గించకూడదు. "పోతున్నం" అన్నా, "పోతాండాం" అన్నా, "ఎల్తన్నాం" అన్నా అవి ఆ విద్యార్థి ఇంటి మాటలు. ఇంట్లో ఒకలా మాట్లాడి, మైక్ ముందుకు రాగానే వార్తలు చదివే గొంతు అరువు తెచ్చుకుంటే వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మార్కు పోవాల్సింది అక్కడే. ఉచ్చారణలో అర్థం మారిపోతేనే తప్పు పట్టండి: "కళలు" అనాల్సిన చోట "కలలు" అంటే వినేవాళ్లు తికమకపడతారు.

24–30: ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంది. ఆగాల్సిన చోట ఆగారు. పని చేసే మనిషి గొంతుకు చోటిచ్చారు. ఆయన ఆలోచించుకుంటూ రెండు సెకన్లు మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని కత్తిరించలేదు.

16–23: ఎక్కువ భాగం సహజంగానే ఉంది, కొన్ని చోట్ల చదువుతున్నట్టు తెలుస్తోంది. "తద్వారా", "ఈ నేపథ్యంలో", "చేయడం జరిగింది" లాంటి మాటలు వచ్చిన ప్రతిచోటా చూడండి, గొంతు కూడా బిగుసుకుపోతుంది.

8–15: మొత్తం ఒకే స్థాయిలో చదివేశారు. లేదా ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే "ఓకే ఓకే", "అవునా, సూపర్" అంటూ వాళ్ల మాట మీద మాట వేశారు.

7 లేదా తక్కువ: మాటలు అర్థం కావడమే కష్టం, లేదా ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషిని చులకన చేసినట్టు ఉంది. రెండో తప్పు జరిగితే మిగతాదంతా ఎంత బాగున్నా ఇక్కడ 7 దాటకూడదు.

ధ్వని నాణ్యత (20)

ఖరీదైన మైక్‌కు మార్కుల్లేవు. హాస్టల్ గదిలో ఫ్యాన్ ఆపి, దుప్పటి కప్పుకుని ఫోన్‌లో రికార్డ్ చేసినా 20కి 20 రావచ్చు. చూడాల్సింది ఇవి: మాట స్పష్టంగా వినపడుతోందా, గది ప్రతిధ్వని ఉందా, "ప", "భ" పలికినప్పుడు గాలి మైక్‌కు కొట్టుకుంటోందా, ఒకరి గొంతు పెద్దగా ఇంకొకరిది చిన్నగా ఉండి వాల్యూమ్ మార్చుకోవాల్సి వస్తోందా. ఎడిట్ చేసిన చోట వెనక శబ్దం టక్కున తెగిపోతే రూమ్ టోన్ రికార్డ్ చేయలేదని అర్థం. ప్రతి చోటా అర నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయమని క్లాసులో చెప్పాం కాబట్టి దానికి 2 మార్కులు తీయొచ్చు.

ఫైల్ శబ్ద స్థాయి స్టీరియో అయితే `-16 LUFS`, మోనో అయితే `-19 LUFS` దగ్గర, పీక్ `-1 dBTP` లోపు ఉండాలి. ఒకటి రెండు యూనిట్లు అటూ ఇటూ అయినా వదిలేయండి. మ్యూజిక్ వల్ల ఒక్క మాట వినపడకపోయినా 2 మార్కులు తీయండి.

నెట్‌లో దొరికిన శబ్దాన్ని అక్కడే రికార్డ్ చేసినట్టు వాడితే ఈ విభాగంలో 5కి మించి ఇవ్వొద్దు. కుమ్మరి సారె చప్పుడు అని వినిపించింది నిజంగా ఆ సారెదే అయి ఉండాలి. ఇది నాణ్యత విషయం కాదు, నమ్మకం విషయం.

శ్రోతకు నప్పడం (20)

ఎపిసోడ్‌తో పాటు "ఇది ఎవరి కోసం" అని విద్యార్థి ఒక వాక్యం రాసిస్తారు. ఆ శ్రోతను మనసులో పెట్టుకునే మార్కులు వేయాలి, మన అభిరుచిని బట్టి కాదు. నేత కుటుంబాల కోసం అని రాసి, మగ్గం అంటే ఏమిటో రెండు నిమిషాలు వివరిస్తే ఆ శ్రోతను మర్చిపోయినట్టే. నగరంలో చదువుకునే పిల్లల కోసం అయితే "ఆసు పోయడం" అని ఊరుకోకుండా, మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పడం అని ఒక్క ముక్క కలపాలి. అంకెలు కూడా చెవికి అందేలా ఉండాలి. వరసగా మూడు పెద్ద అంకెలు వినిపిస్తే ఒక్కటీ గుర్తుండదు. 16 పైన వేయాలంటే, ఆ శ్రోత చివరిదాకా వింటారని మీకు నమ్మకం కుదరాలి. ఎవరి కోసమో రాయకపోతే 10కి మించి వేయొద్దు.

నింపిన పత్రం, నమూనాకు

ఎపిసోడ్: కుట్టుమిషన్ నడిపే తల్లి గురించి కూతురు చెప్పిన కథ, 12 నిమిషాల 20 సెకన్లు. ఎవరి కోసం: అమ్మ సంపాదన మీద చదువుకుంటున్న కాలేజీ పిల్లల కోసం.

నిర్మాణం 22, గొంతు 27, ధ్వని 11, శ్రోత 17. మొత్తం 77.

విద్యార్థికి రాసిన మాట: "మీ అమ్మగారు దారం నోటితో తెంపి, నవ్వి, మళ్లీ మిషన్ తొక్కడం (3:12) వింటుంటే ఆ గది కళ్లముందు కనపడింది. అక్కడ మ్యూజిక్ తీసేయండి, మిషన్ చప్పుడు చాలు. 7:40 నుంచి 9:05 దాకా ధరల గురించి చెప్పినదాంట్లో సగం తగ్గించండి, నా ధ్యాస అక్కడే తప్పింది. వంటింట్లో రికార్డ్ చేసిన భాగం బాగా మార్మోగుతోంది. ఆ నాలుగు వాక్యాలు మళ్లీ చెప్పి, శుక్రవారం లోపు ఇస్తే ధ్వని మార్కులు మళ్లీ చూస్తాం."