మా తాతయ్య, మామ్మల స్వర్ణోత్సవ వివాహ శుభలేఖ

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు

బంధుమిత్రులకు, ఊరివారికి, తాతయ్య గారి శిష్యులకు మా నమస్కారాలు.

నల నామ సంవత్సరం వైశాఖ మాసంలో, అంటే 1976 మే 10న, నరసాపురంలో మా తాతయ్య సూర్యనారాయణ గారికి, మా మామ్మ సుబ్బలక్ష్మి గారికి పెళ్లయింది. ఈ పరాభవ నామ సంవత్సరం వైశాఖంలో ఆ పెళ్లికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఈ వేడుకకు పెద్దలం మేమే. అమ్మానాన్నలను, మావయ్యలను, అత్తలను కూడా మేమే పిలుస్తున్నాం.

ఆ రోజు తాతయ్య వాళ్లు అంబాజీపేట నుంచి ఎడ్లబళ్ల మీద సఖినేటిపల్లి రేవుకు వెళ్లి, పంటు ఎక్కి గోదావరి దాటారట. పంటు మీదే సన్నాయి మొదలైందట. మేం ఎన్నిసార్లు అడిగినా తాతయ్య ఇంతవరకే చెప్పి నవ్వేస్తారు. మామ్మనడిగితే "పోండర్రా, పనుంది" అంటుంది. ఆ పెళ్లి ఫొటో ఒక్కటే మిగిలింది. అందులో మామ్మ తల వంచుకుని ఉంది, ముఖం సగమే కనిపిస్తుంది. అందుకే ఆ పెళ్లికి వచ్చిన వాళ్లు తప్పకుండా రావాలి. ఏం జరిగిందో, ఎవరు అలిగారో, ఎవరు నవ్వారో మీ నోట మేం వినాలి. మీ ఇళ్లల్లో ఆనాటి ఫొటోలుంటే వెంట తీసుకురండి. అక్కడే మొబైల్‌తో ఫొటో తీసుకుని వెంటనే మీ చేతికిచ్చేస్తాం.

మామ్మ పెళ్లికి ముందే అల్లిన తెల్లటి లేసు గుడ్డ ఒకటి ఇప్పటికీ బీరువాలో ఉంది. ఒక మూల మాత్రం పసుపు మరక పోలేదు. ఈసారి పందిట్లో వాళ్లిద్దరి పీటల మీద దాన్నే పరుస్తున్నాం. మాలో ప్రతి ఒక్కరం పుట్టినప్పుడు ఉయ్యాల గుడ్డకు లేసు అంచు అల్లింది కూడా ఆ చేతులే. లెక్కల మాస్టారుగా రిటైరైన రోజు నుంచి ఇంట్లో పొద్దున్నే కాఫీ కలిపేది తాతయ్యే. ఆయన గ్లాసు తెచ్చి ఇచ్చేదాకా మామ్మ వీధి అరుగు మీద నుంచి లేవదు. వాళ్లను చూస్తూ పెరగడం మా అదృష్టం. వాళ్లు మాకిచ్చినదానికి ఈ ఒక్క రోజు ఏ మూలకు? అయినా మా ముచ్చట తీరాలిగా!

ముహూర్తం: 2026 మే 10, ఆదివారం
వేదిక: అంబాజీపేటలో మా ఇల్లు, కొబ్బరితోటలో వేసిన తాటాకు పందిరి

ఉదయం 8 గంటలకు సత్యనారాయణ స్వామి వ్రతం. 11 గంటలకు దండలు మార్చుకోవడం, తలంబ్రాలు. కొడుకు పిల్లలం మగపెళ్లివారం, కూతురు పిల్లలం ఆడపెళ్లివారం. విడిది, ఎదురుకోళ్లు, పానకం బిందెలు అన్నీ ఉంటాయి. వయసులో వాళ్లకంటే పెద్దవాళ్లు ముందుగా అక్షింతలు వేసి దీవించండి. ఆ తర్వాత మిగిలిన వాళ్లందరం వాళ్ల కాళ్లకు దండం పెట్టుకుందాం. చివర్లో గుమ్మం దగ్గర మేం అడ్డంగా నిలబడతాం. తాతయ్య మామ్మ పేరు, మామ్మ తాతయ్య పేరు చెబితేనే లోపలికి పంపేది! యాభై ఏళ్లుగా ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోని ఇద్దరూ ఏం చేస్తారో చూడటానికైనా రండి.

మధ్యాహ్నం 12.30 నుంచి అరటాకుల్లో బంతి భోజనాలు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, దప్పళం, పులిహోర, బొబ్బట్లు, ఆత్రేయపురం పూతరేకులు. వడ్డించేది మేమే కాబట్టి మొహమాటం లేకుండా మారు అడగండి. ఎండల గురించి టెన్షన్ పడకండి. పందిట్లో కూలర్లు పెట్టిస్తున్నాం, వచ్చినవారికి వచ్చినట్టు కొబ్బరి బొండాలు కొట్టి ఇస్తాం.

రైల్లో వచ్చేవారు రాజమండ్రిలో దిగితే రావులపాలెం, కొత్తపేట మీదుగా రావచ్చు. ఏ రైలో ముందుగా మాలో ఎవరికి చెప్పినా కారు పంపిస్తాం. నరసాపురం నుంచి వచ్చే మామ్మ పుట్టింటివారి కోసం సఖినేటిపల్లి రేవులో వ్యాన్ ఉంటుంది. ముందురోజే వచ్చేవారికి పడకలు సిద్ధం.

కానుకలు, కవర్లు వద్దని తాతయ్య గట్టిగా చెప్పారు. ఆయన మాటే మా మాట. శిష్యులు మాత్రం మాస్టారి గురించి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి తెస్తే, సాయంత్రం అందరి ముందూ చదివి వినిపిస్తాం.

సకుటుంబ సపరివారంగా విచ్చేసి, మా తాతయ్య, మామ్మలను ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించాలని ప్రార్థన.

ఇట్లు,
ఆహ్వానించు మనవలు, మనవరాళ్లు
మగపెళ్లివారు: శ్రావణి, కార్తీక్, చిన్ని
ఆడపెళ్లివారు: హర్ష, మౌనిక, సాకేత్