దసరా నుంచి కార్తీకం దాకా: గుడ్డు లేని కేకుల పోస్టులు

*మొదటి పోస్టు (ఫోటో: కోసిన కేకు, పక్కన ఖాళీ ప్లేటు)*

మా ఇంట్లో ఏడాదికి ఏడు పుట్టినరోజులు. ఏడుసార్లూ కేకు నేనే చేస్తాను. ఏడుసార్లూ మా అత్తగారు అక్షింతలు వేసి, దీవించి, ఓ అరటిపండు ఒలుచుకుని పక్క గదిలోకి వెళ్లిపోతారు. "నాకెందుకమ్మాయ్, మీరు తినండి" అంటారు. ఆ ప్లేటు ఆవిడదే.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్లేటు ఒకటి ఉండే ఉంటుంది కదండీ?

దసరా పాడ్యమి నుంచి రాజోలులో మా వంటింట్లో గుడ్డు లేని కేకులు. ధరలు రెండ్రోజుల్లో పెడతాను.

#గుడ్డులేనికేకు #రాజోలు #కోనసీమ

*రెండో పోస్టు (వీడియో: పెరుగు గిన్నె)*

"గుడ్డు లేకపోతే కేకు పొంగదుగా?"

నిన్నటి నుంచి అందరూ ఇదే అడుగుతున్నారు. వీడియోలో గిన్నె చూడండి. కప్పు గేదె పెరుగు, అందులో అర చెంచా వంటసోడా. కలిపి నిమిషం ఆగితే అంచుల దాకా బుసబుసా పొంగింది. పెరుగులో పులుపు సోడాకి తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పిండిలో ఇరుక్కున్న ఆ బుడగలే కేకుని లేపుతాయి. పులవని కమ్మటి పెరుగైతే ఇంత పొంగు రాదు. అందుకే నిన్నటి పెరుగు దాచుకుంటాను.

గుడ్డుకి ఇంకో రెండు పనులు కూడా ఉన్నాయి. పిండిని పట్టి ఉంచుతుంది, లోపల తడి ఆరకుండా చూస్తుంది. వాటికి పెరుగు కొంత, కండెన్స్‌డ్ మిల్క్ కొంత సాయం చేస్తాయి. అయినా గుడ్డు కేకుకీ దీనికీ తేడా లేదని నేను అబద్ధం చెప్పను. ఇది కాస్త బరువుగా, మెత్తగా ఉంటుంది. నాకైతే ఇదే ఇష్టం.

ఒక్కటే జాగ్రత్త. సోడా పడ్డాక పిండి ఆగదు, గాలి పోతుంది. ముందే ఓవెన్ 170 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. మైదా వేశాక ఎక్కువ గిలక్కొట్టినా సాగుడు వచ్చి గట్టిపడుతుంది. ఆ పది నిమిషాలూ మా అమ్మ ఫోన్ చేసినా ఎత్తను. (అమ్మా, అందుకే. కోపం కాదు.)

ఉడికిందో లేదో చూడ్డానికి కడిగి ఆరబెట్టిన కొబ్బరి ఈనె గుచ్చుతాను. కోనసీమలో టూత్‌పిక్కులు కొనడమేంటండీ!

*మూడో పోస్టు (ఫోటో: నాలుగు కేకులు, అరిటాకు మీద)*

ఇవండీ మన కేకులు.

🥥 కొబ్బరి బెల్లం కేకు: అంబాజీపేట కొబ్బరి, బొంబాయి రవ్వ, బెల్లం, యాలకులు. విడిగా పంచదార వేయను. అరకిలో 400.

🍌 చక్కెరకేళి కేకు: తొక్క నల్లమచ్చలు పడ్డ పండే వాడతాను, తీపి అప్పుడే దిగుతుంది. మా వీధిలో పళ్లబండాయన నాకోసం అవి పక్కన పెడుతున్నాడు. అరకిలో 380.

చాక్లెట్ కేకు: పిల్లలకి. వేరే చెప్పక్కర్లేదు. అరకిలో 420.

వెనీలా క్రీము కేకు: పుట్టినరోజులకి, పేరు రాసి ఇస్తాను. కిలో 800. పేరు తెలుగులో రాయమంటే ఇంకా సంతోషం, ఒత్తులు తప్పు పోకుండా రాస్తాను.

*నాలుగో పోస్టు (వీడియో: నడుం విరిగిన కేకు)*

ఇది దాచేద్దామనుకున్నా. అత్తగారే పెట్టమన్నారు.

మొన్న వాన. కేకు ఓవెన్‌లో పెట్టి పన్నెండు నిమిషాలైంది, కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఫ్యాన్లూ లైట్లూ లాగుతుంది గానీ ఓవెన్ దాని వల్ల అయ్యే పని కాదు. అద్దంలోంచి చూస్తుండగానే మధ్యలో మెల్లగా కుంగిపోయింది. ముప్పావుగంటకి కరెంటు వచ్చాక మళ్లీ వేడిచేస్తే అంచులు మాడాయి, మధ్యలో పచ్చి.

అత్తగారు వచ్చి వేలితో నొక్కి చూసి, "దిబ్బరొట్టె బానే వచ్చిందమ్మాయ్, ఆవకాయ తేనా?" అన్నారు.

అది మా పెరట్లో కోళ్లకి పోయింది. వాటికి గుడ్డు లేని కేకు పెట్టడం ఏంటో నాకే నవ్వొచ్చింది. ఆర్డరిచ్చిన వాళ్లకి ఫోన్ చేసి చెప్పి, మర్నాడు ఇంకోటి చేసిచ్చాను. ఇప్పుడు వానాకాలం కేకులన్నీ తెల్లవారుజామునే. వాతావరణం బాగోలేదంటే ఒక రోజు ముందే చేసేస్తాను.

*ఐదో పోస్టు (ఫోటో: ఆకుపచ్చ చుక్క ఉన్న పెట్టె)*

పెద్దవాళ్లు అడిగిన ప్రశ్నలు. వీళ్ల దగ్గర ఏదీ దాగదండీ.

"గుడ్డు కేకు చేసిన గిన్నెలోనే చేస్తావా?"
లేదండీ. గిన్నెలు, గరిటెలు, బీటరు అన్నీ కొత్తవి కొన్నాను. పాతవి అటక మీదున్నాయి. ఇకమీదట గుడ్డు కేకులు చేయట్లేదు.

"పైన మెరిసేదంతా ఏంటి?"
మంచి ప్రశ్న. గుడ్డు లేదని రాసినంత మాత్రాన శాకాహారం అయిపోదు. మెరుపు కోసం వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. నేను దాని బదులు చైనా గ్రాస్ వాడతాను, అది సముద్రపు నాచు. రంగుపూసలు కూడా డబ్బా మీద పదార్థాలు చదివాకే కొంటాను.

"ఉపవాసంలో తినొచ్చా?"
ఇందులో మైదా, రవ్వ, సోడా ఉన్నాయి. ఉపవాసం విడిచాక తినండి. ఆర్డర్ కోసం నేను ఇంకోలా చెప్పలేను.

పాలు, పెరుగు ఉన్నాయి కాబట్టి పాలు పడనివాళ్లు ముందే చెప్పండి. ఫుడ్ లైసెన్సు రిజిస్ట్రేషన్ అయింది, 14 అంకెల నంబరు ప్రతి పెట్టె మీదా ఉంటుంది.

*ఆరో పోస్టు (ఫోటో: పంటు మీద స్కూటీ, కాళ్ల దగ్గర కేకు పెట్టె)*

నరసాపురం వాళ్ల మొదటి ఆర్డర్ ఇది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కింది. గోదావరి మీద ఒక్క కుదుపు లేదు, దిగాక రోడ్డు మీద గుంటలకే నా ప్రాణం పోయింది.

ఆర్డర్ రెండు రోజుల ముందు ఇవ్వాలి, సగం డబ్బు ముందు. రాజోలు, మలికిపురం ఊళ్లలో డెలివరీ ఉచితం. నరసాపురానికీ, చించినాడ వంతెన దాటి పాలకొల్లుకీ 80 రూపాయలు. క్రీము కేకు మాత్రం అంత దూరం పొద్దున్న ఎనిమిదిలోపే తెస్తాను, ఎండెక్కితే నేను కిలో కేకు ఇచ్చినా మీకు అందేది పాయసం. ఇక్కడే మెసేజ్ పెట్టండి.

*ఏడో పోస్టు (ఫోటో: దీపాల పక్కన చిన్న పెట్టెలు)*

దీపావళి పెట్టె: కొబ్బరి బెల్లం నాలుగు ముక్కలు, చక్కెరకేళి నాలుగు ముక్కలు. 250. నలభై పెట్టెలే చేయగలను, ఇరవై ఆరు అయిపోయాయి. 🪔

*ఎనిమిదో పోస్టు (ఫోటో: మొదటి పోస్టులోని ప్లేటు, సగం తిన్న ముక్కతో)*

కార్తీకం వచ్చింది. కాలవలో దీపాలు, సోమవారాలు పంచారామాల బస్సులు. పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం తిరిగొచ్చేసరికి పిల్లలకి ఆకలి. బస్సులోకి క్రీము లేని చక్కెరకేళి కేకు పట్టుకెళ్లండి, బయట రెండు రోజులుంటుంది. కొబ్బరిది వద్దు, ఆ రోజే తినేయాలి.

నిన్న సోమవారం అత్తగారు చుక్కలు చూసి ఉపవాసం విడిచారు. అన్నం తిన్నాక, ఎవరూ అడగకుండానే ప్లేటు తెచ్చుకున్నారు. ఒక ముక్క తిన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"బెల్లం కొంచెం తగ్గించు" అన్నారు. రెండో ముక్కకి చెయ్యి చాపారు.

బెల్లం తగ్గించానండీ. ఈ వారం ఆర్డర్లు శుక్రవారం సాయంత్రం దాకా.